రైస్ మిల్లు కరెంటు బిల్లు చూసిపెట్టమన్నారు. ఫీజు ఎలా అడగాలి?

గుణుపురం_పెద్దాయన (సోమవారం, రాత్రి 8:40)

అందరికీ నమస్కారం. కరెంటు డిపార్ట్‌మెంటులో 33 ఏళ్లు చేసి కిందటేడు రిటైరయ్యాను. పెన్షన్‌తో ఇల్లు గడుస్తోంది గానీ చిన్నవాడి చదువు ఇంకా రెండేళ్లు ఉంది. మా ఊరికి కాస్త దూరంలో ఒక రైస్ మిల్లు. యజమాని తాతల నాడు పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్లు, తెలుగువాళ్లే. "ఇంజనీరు బాబూ, కరెంటు బిల్లు మరీ ఎక్కువొస్తోంది, ఓసారి చూసిపెట్టండి. తగ్గినదాంట్లో పదో వంతు మీకిస్తాను, లేదంటే నెలకి 8 వేలు" అన్నాడు.

వివరాలు ఇవీ. 11 కేవీ సర్వీసు, 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు, కాంట్రాక్ట్ డిమాండ్ 200 కేవీఏ. బిల్లులో పవర్ ఫ్యాక్టర్ 0.85 అని ఉంది. తమాషా ఏమిటంటే కెపాసిటర్ ప్యానెల్ మీద, కెపాసిటర్లని ఎక్కించి దింపే రిలే మాత్రం రోజంతా 0.97 చూపిస్తోంది. ప్యానెల్ అమ్మేవాళ్లు వచ్చి "ఇది పాతదైపోయింది, కొత్తది పెట్టండి" అని 2 లక్షల 60 వేలకి కొటేషన్ ఇచ్చి వెళ్లారు. మీటరు తప్పని యజమాని అనుమానం.

పదో వంతు మంచిదా, నెల జీతం మంచిదా? నేనెప్పుడూ ఒకరిని డబ్బులడిగి ఎరగను, సిగ్గుగా ఉంది.

పర్లాకిమిడి_మాస్టారు (సోమవారం, రాత్రి 9:15)

ఫీజు విషయంలో సిగ్గు పడకండి బాబూ. నేను డిప్లొమా పిల్లలకి ఇంటి దగ్గరే చెబుతున్నాను, సాయంత్రం గంటన్నర, ఆరుగురు. సగం తెలుగు, సగం ఒడియా. మొదటి నెల డబ్బులు అడగలేక ఊరుకున్నాను, రెండో నెలకి ఇద్దరు మానేశారు! ఊరికే వస్తే విలువుండదు. ఒక్కటి మాత్రం చెబుతాను, పిల్లలు "సార్, ప్రాజెక్టు రిపోర్టు మీరే రాసివ్వండి, మూడు వేలిస్తాం" అంటారు. దానికి మాత్రం ఒప్పుకోకండి. నేను ఒకసారి ఒప్పుకున్నాను. వైవాలో ఆ కుర్రాడు నోరు విప్పలేదు, వాళ్ల నాన్న నా మీదికి వచ్చాడు.

మిల్లు_మేనేజర్ (సోమవారం, రాత్రి 9:32)

మాస్టారూ, ఆయన అడిగింది ట్యూషన్ ఫీజు కాదండీ, మిల్లు సంగతి.

నేను మునిగుడ వైపు ఒక మిల్లులో పదేళ్లుగా ఉన్నాను కాబట్టి యజమాని మనసులో ఏముంటుందో చెబుతాను, ఏమనుకోవద్దు. రిటైరైన కరెంటు ఇంజనీర్ని పిలిచేది సగం పని కోసం, సగం "ఆఫీసులో ఒక మాట చెబుతారు" అని. నెలకి 8 వేలు అన్నాడంటే దానిలో ఈ రెండో సగం కలిసే ఉంది. ముందే తేల్చుకోండి.

రాయగడ_ఎలక్ట్రీషియన్ (సోమవారం, రాత్రి 10:05)

సార్, ఇది చిన్న విషయం. కెపాసిటర్లు వీకైపోయి ఉంటాయి. ఇంకో నాలుగు బ్యాంకులు తగిలించండి, యూనిట్లు తగ్గిపోతాయి. నేను చాలా చోట్ల చేశాను. కెపాసిటర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

కొరాపుట్_పాతకాపు (మంగళవారం, ఉదయం 6:20)

తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం. కెపాసిటర్ పెడితే యూనిట్లు తగ్గవు. మోటారు తిప్పడానికి, బియ్యం పట్టడానికి ఖర్చయ్యే కేడబ్ల్యూహెచ్ అంతే ఉంటుంది. తగ్గేది కేవీఏహెచ్, అంటే కేడబ్ల్యూహెచ్‌ని పవర్ ఫ్యాక్టర్‌తో భాగిస్తే వచ్చేది. ఇప్పుడు మీలాంటి 11 కేవీ హెచ్‌టీ వాళ్లకి బిల్లు వేసేది దాని మీదే కాబట్టి చూసేవాళ్లకి యూనిట్లు తగ్గినట్టు కనిపిస్తుంది. ఇది పెద్దాయనకి తెలియదని కాదు. ఫీజు లెక్క మొత్తం ఈ తేడా మీదే ఆధారపడి ఉంది కాబట్టి మొదటే చెబుతున్నాను.

పెద్దాయన గారూ, నేను తొమ్మిదేళ్లుగా జయపూర్ చుట్టుపక్కల మిల్లులకి ఇదే పని చేస్తున్నాను. బిల్లు ఒక మాట, రిలే ఒక మాట చెబితే నేను మీటరుని అనుమానించే ముందు రిలేకి కరెంటు సంగతి చెప్పే సీటీ ఎక్కడుందో చూస్తాను. రిలే తన సీటీ చూసినదాన్నే చూపిస్తుంది, అంతకు మించి దానికేమీ తెలియదు. మీ మిల్లులో ఈ రెండు మూడేళ్లలో కొత్తగా డ్రయ్యరో, ఉప్పుడు బియ్యం యూనిట్టో ఏమైనా పెట్టారా? పెడితే దాని కేబులు ఎక్కడి నుంచి తీశారు? రిలేలో ఎన్ని స్టెప్పుల, అంటే ఎన్ని కెపాసిటర్ బ్యాంకుల, లైట్లు వెలుగుతున్నాయి? ఈ మూడూ చూసి చెప్పండి. అలాగే 12 నెలల బిల్లులు వరసగా పెట్టి పవర్ ఫ్యాక్టర్, అదే పీఎఫ్, ఒక్కో నెలా ఎంతుందో రాసుకోండి. కొంచెం కొంచెంగా జారితే కెపాసిటర్లు చస్తున్నట్టు. ఒక నెలలో ఠక్కున పడిపోతే ఏదో మార్పు జరిగినట్టు.

కొత్త ప్యానెల్‌కి అప్పుడే ఊ అనకండి.

బల్లార్షా_పత్తి (మంగళవారం, ఉదయం 7:48)

మాది చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర. మా జిన్నింగ్‌లో కూడా ఇలాగే జరిగింది. మాకు హెచ్‌టీలో కేవీఏహెచ్ లెక్క 2020 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఆ నెల బిల్లు చూసి మా సేట్ మీటరు మార్చమని గొడవ చేశాడు. మీటరు బాగానే ఉంది. మాకు పత్తి సీజన్ అయ్యాక ఆరు నెలలు మిల్లు మూతే. అప్పుడు కూడా డిమాండ్ ఛార్జి కట్టాల్సిందే కదా, దాని గురించి ఎవరైనా చెప్పండి?

కొరాపుట్_పాతకాపు (మంగళవారం, ఉదయం 8:10)

బల్లార్షా వారూ, మీ రాష్ట్రం రేట్లు వేరు, నియమాలు వేరు. మీరు వేరే చర్చ పెడితే మంచిది, ఇక్కడ కలిస్తే ఇద్దరికీ తికమక.

గుణుపురం_పెద్దాయన (గురువారం, సాయంత్రం 6:55)

పాతకాపు గారికి చేతులెత్తి మొక్కుతున్నాను. నిన్న, ఈ రోజు మిల్లులోనే ఉన్నాను.

బిల్లులు వరసగా పేర్చాను. కిందటేడు దసరా వరకూ 0.96, 0.97. తర్వాతి నెల ఒక్కసారిగా 0.86. అప్పటి నుంచి 0.85 దగ్గరే. దసరాకే కొత్త డ్రయ్యరు, బాయిలరు ఫ్యాన్లు పెట్టారట. వాటి కేబులు మెయిన్ బస్‌బారు నుంచి నేరుగా తీశారు. రిలే సీటీ పాత మిల్లు ఫీడరు మీదే ఉండిపోయింది. అంటే 170 కిలోవాట్ల లోడులో 100 మాత్రమే రిలేకి కనిపిస్తోంది, కొత్తగా వచ్చిన 70 దానికి లేనట్టే. పైగా ఆ ఫ్యాన్ల మోటార్లు అవసరానికి మించి పెద్దవి, సగం లోడు కూడా లేకుండా తిరుగుతున్నాయి. వాటి పీఎఫ్ 0.66 దగ్గర ఉంది. ప్యానెల్లో 12 స్టెప్పులు, ఒక్కోటి పన్నెండున్నర కేవార్. నాలుగు లైట్లు మాత్రమే వెలుగుతున్నాయి, ఎనిమిది ఖాళీగా కూర్చున్నాయి! 33 ఏళ్ల సర్వీసు, నేను మీటరు టెస్టింగ్‌కి దరఖాస్తు రాయబోయాను.

స్టెప్పులన్నీ ఒక్కొక్కటి మాన్యువల్‌లో పెట్టి టాంగ్ టెస్టరు పట్టాను. మిల్లులో పీఎఫ్ ఆ కాసేపు ముందుకు పోయింది లెండి. పదింటికి మూడు ఫేజుల్లోనూ 15, 16 ఆంపియర్లు వచ్చింది. ఒకదానికి 16, 9, 9. ఇంకోదానికి సున్నా. ఆ సున్నా దాని కాంటాక్టరు విప్పితే లోపల తవుడు దుమ్ము వేలి మందాన పేరుకుంది.

కొరాపుట్_పాతకాపు (గురువారం, రాత్రి 7:30)

శభాష్. 16, 9, 9 అంటే లోపల మూడు భాగాల్లో ఒకటి పోయింది, ఆ యూనిట్ మార్చాలి. సున్నాదానికి ముందు ఫ్యూజులు చూడండి, తర్వాత కాంటాక్టరు, ఆ పైన కెపాసిటరు.

ఇప్పుడు మీ దగ్గర ఖాళీగా ఉన్నవి ఎనిమిదిలో ఆరు మంచివి, అంటే 75 కేవార్. 0.85 నుంచి 0.98కి 170 కిలోవాట్లని లాగాలంటే 71 కావాలి. సరిపోతుంది. కొత్త ప్యానెల్ అక్కర్లేదు.

సీటీని మెయిన్ ఇన్‌కమరు మీదికి మార్చాలి. మీ కరెంటు 280 ఆంపియర్ల దాకా వెళుతుంది కాబట్టి 400/5 సీటీ పెట్టండి, రిలేలో నిష్పత్తి కూడా మార్చండి. పాత ఫేజుమీదే పెట్టాలి, దిక్కు తిరగబడకూడదు. తిరగబడితే రిలే లాగ్‌ని లీడ్ అనుకుని, అంటే కెపాసిటర్లు తక్కువైతే ఎక్కువయ్యాయనుకుని, ఉన్న బ్యాంకులు కూడా దింపేస్తుంది. ఈ పని మిల్లు ఆపి, లైసెన్సున్న కాంట్రాక్టరు చేతే చేయించండి. మీరు చేతులు పెట్టకండి. లోడు మీద సీటీ సెకండరీ ఊడిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పేదేముంది. సలహా మీది, పని అతనిది, బిల్లు అతనే వేసుకోవాలి.

రాయగడ_ఎలక్ట్రీషియన్ (గురువారం, రాత్రి 8:02)

సార్, ఒక్క మాట. ఫ్యాన్లకి వేగం తగ్గించే డ్రైవులు పెడితే? మోటారు సగం లోడు కూడా లేదన్నారు కదా.

కొరాపుట్_పాతకాపు (గురువారం, రాత్రి 8:20)

మంచి ప్రశ్న తమ్ముడూ. ఫ్యాన్లకి డ్రైవు పెడితే యూనిట్లు నిజంగానే తగ్గుతాయి. కానీ అదే బస్‌బారు మీద మామూలు కెపాసిటర్లు ఉంటే హార్మోనిక్స్‌తో అవి వేడెక్కి ఉబ్బుతాయి. అప్పుడు రియాక్టరు ఉన్న ప్యానెల్ కావాలి, ఖర్చు మారిపోతుంది. అది రెండో విడత సంగతి.

గుణుపురం_పెద్దాయన (గురువారం, రాత్రి 9:00)

మరి ఫీజు? రెండు రోజుల్లో దొరికిపోయింది. సీటీ, రెండు కెపాసిటర్లు, కాంటాక్టరు, కూలీ అన్నీ కలిపి 25 వేలు దాటవు. ఇంత చిన్న పనికి నెలనెలా 8 వేలు తీసుకుంటే పాపం కాదా?

కొరాపుట్_పాతకాపు (శుక్రవారం, ఉదయం 6:05)

పదో వంతు దగ్గర నేను తిన్న దెబ్బ చెబుతాను. పేర్లు వద్దు. ఒక మిల్లులో "తగ్గినదాంట్లో 10 శాతం, ఏడాది పాటు" అని కాగితం మీద రాసుకున్నాం. దేంట్లో తగ్గినది అన్నది రాయలేదు. సీజన్ నెలల్లో ఆయన బాగానే ఇచ్చాడు. సీజన్ అయిపోయి మిల్లు సగం రోజులు మూతపడితే బిల్లు రెండు లక్షల పైన పడిపోయింది. పాత సీజన్ బిల్లుతో పోల్చి నేను పదో వంతు అడిగాను. "మిల్లు ఆపితే తగ్గింది, నువ్వు తగ్గించావా?" అన్నాడు. న్యాయంగా అతనిదే కరెక్టు. అప్పుడు నాకు కోపం వచ్చింది గానీ ఇంటికొచ్చి లెక్క వేసుకుంటే సిగ్గేసింది.

మీ మిల్లుతోనే లెక్క చూడండి. తేలిక కోసం కేవీఏహెచ్‌కి 6 రూపాయలు, డిమాండ్‌కి కేవీఏకి 250 అనుకుందాం. మీ బిల్లులో ఉన్న అసలు రేట్లు తర్వాత వేసుకోండి.

సీజన్ నెలలో 42,500 కేడబ్ల్యూహెచ్. పీఎఫ్ 0.85 అయితే 50,000 కేవీఏహెచ్. 0.98 అయితే 43,370 దాకా. తేడా 6,630, రూపాయల్లో 39,800. డిమాండ్ కూడా 200 నుంచి 174 కేవీఏకి దిగుతుంది, ఇంకో 6,500. మొత్తం నెలకి 46 వేలు మీరు నిజంగా మిగిల్చారు.

ఇప్పుడు సీజన్ కాని నెల. 12,000 కేడబ్ల్యూహెచ్ వాడారు, పీఎఫ్ 0.97. పాత 0.85 మీదే నడిచి ఉంటే ఎంతయ్యేదో, ఇప్పుడెంతో చూస్తే తేడా 1,750 కేవీఏహెచ్, అంటే పదిన్నర వేలు. ఆ నెల డిమాండ్‌లో మిగిలేది ఏమీ లేదు, ఎందుకంటే కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం, అంటే 160 కేవీఏకి ఎలాగూ కట్టాల్సిందే. బిల్లుతో బిల్లు పోల్చితే మాత్రం మూడున్నర లక్షల నుంచి లక్షా 14 వేలకి పడినట్టు కనిపిస్తుంది. పదో వంతంటే 23,600 అడుగుతారు. మీ కష్టానికి వచ్చేది వెయ్యి రూపాయల చిల్లర.

అందుకని పంచుకునే పద్ధతి కావాలంటే కాగితం మీద ఇలా రాసుకోండి: ఈ నెల కేడబ్ల్యూహెచ్‌ని 0.85తో భాగించండి, ఈ నెల అసలు పీఎఫ్‌తో కూడా భాగించండి, ఆ రెండింటి తేడాని రేటుతో హెచ్చించండి. మిల్లు ఎంత నడిచినా, ధాన్యం ఎంత వచ్చినా ఈ లెక్క చెడదు. పాత పీఎఫ్ 0.85 అని ఏ నెలల బిల్లుల నుంచి తీశారో కూడా రాయండి, ఇద్దరూ సంతకం పెట్టండి.

నన్నడిగితే మాత్రం పంపకమే వద్దు. ఒకసారి ఫీజు, 25 వేలు. సగం రిపోర్టు ఇచ్చినప్పుడు, సగం బిల్లులో 0.96 దాటి వచ్చిన నెలలో. ఆ తర్వాత మూడు నెలలకోసారి వచ్చి స్టెప్పులకి టాంగ్ టెస్టరు పట్టి దుమ్ము చూసి వెళితే రోజుకి 2,500. తవుడు దుమ్ము ఉన్న చోట ఆ రాకడ నిజంగానే కావాలి.

మిల్లు_మేనేజర్ (శుక్రవారం, ఉదయం 9:40)

యజమాని వైపు నుంచి చెబుతాను. నెలకి 46 వేలు మిగిలే చోట ఒక్కసారి 25 వేలంటే మా సేటు కూడా మారుమాట్లాడడు. నెలనెలా ఇవ్వాలంటే మాత్రం మూడో నెల నుంచి "ఈయన ఈ నెల ఏం చేశాడు" అని లెక్క పెడతాడు.

పాతకాపు గారూ, ప్యానెల్ అమ్మేవాళ్లు కమిషన్ ఇస్తామంటే?

కొరాపుట్_పాతకాపు (శుక్రవారం, ఉదయం 10:15)

నాకు రెండుసార్లు ఇస్తామన్నారు. తీసుకుని ఉంటే "మీ పాత ప్యానెల్ చాలు" అని ఎప్పుడైనా చెప్పగలిగేవాడినా?

పర్లాకిమిడి_మాస్టారు (శుక్రవారం, సాయంత్రం 5:30)

నేను మొదట పొరపాటు పడ్డాను, క్షమించండి. కానీ ఇదంతా చదివాక ఒక కోరిక. నా దగ్గర ఎలక్ట్రికల్ పిల్లలు ఇద్దరు ఉన్నారు, ప్రాజెక్టు కోసం తిరుగుతున్నారు. ఆ మిల్లులో రీడింగులు రాసే పని వాళ్లకి ఇప్పిస్తారా? రిపోర్టు వాళ్లే రాసుకుంటారు, నేను రాసివ్వను.

బరంపురం_పద్దులు (శుక్రవారం, రాత్రి 8:50)

టాక్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన గారూ, పెన్షన్ జీతం లెక్కలోకి వస్తుంది, ఈ ఫీజు వృత్తి ఆదాయం. రెండూ ఒకటి కాదు. మిల్లు కంపెనీయో ఫర్మో అయితే ఏడాదిలో 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ కోస్తారు, 2025-26 లెక్క ప్రకారం.

రాయగడ_ఎలక్ట్రీషియన్ (శుక్రవారం, రాత్రి 9:05)

60 దాటారు కదా, 15హెచ్ ఫారం ఇస్తే కోయరు. మా నాన్నకి బ్యాంకులో అలాగే చేశాం.

బరంపురం_పద్దులు (శుక్రవారం, రాత్రి 9:25)

బ్యాంకు వడ్డీకి అది చెల్లుతుంది. ఇలాంటి ఫీజుకి 15హెచ్ పనికిరాదు. కోయించుకుని రిటర్నులో వెనక్కి తెచ్చుకోవాల్సిందే.

అదే 2025-26 లెక్కలో ఉదాహరణకి పెన్షన్ ఏడాదికి 9 లక్షలు, మూడు నాలుగు మిల్లుల నుంచి ఫీజు 2 లక్షల 40 వేలు అనుకోండి. ఇంజనీరింగ్ వృత్తికి 44ఏడీఏ కింద అందులో సగమే ఆదాయంగా చూపొచ్చు, అంటే లక్షా 20 వేలు. పుస్తకాలు రాయనక్కర్లేదు. పెన్షన్‌లోంచి 75 వేల తగ్గింపు పోతే మొత్తం 9 లక్షల 45 వేలు. కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు కాబట్టి టాక్సు సున్నా, కోసినదంతా వెనక్కి వస్తుంది. కానీ ఇప్పటిదాకా వేస్తున్న ఐటీఆర్-1 వేయకూడదు, ఐటీఆర్-4 వేయాలి. ఇక్కడే చాలామంది పెద్దలు పొరపాటు చేస్తారు. ఇంకొకటి, 60 దాటినవాళ్లకి అడ్వాన్స్ టాక్సు ఉండదని విని ధీమాగా ఉంటారు. అది వృత్తి, వ్యాపార ఆదాయం లేనివాళ్లకే. మీ ఆదాయం పెరిగి టాక్సు పడే రోజు వస్తే మార్చి 15 లోపు కట్టాలి.

గుణుపురం_పెద్దాయన (తర్వాతి నెల, 9వ తేదీ, రాత్రి 8:15)

ఆలస్యమైంది, క్షమించాలి. సీటీ మార్చాం. కాంట్రాక్టరు మొదటిసారి తిరగేసి పెట్టాడు! పాతకాపు గారు చెప్పినట్టే రిలే లీడ్ అని చూపించి వరసగా స్టెప్పులన్నీ దింపేసింది. లీడ్ అన్న మాట చూడగానే నాకు అర్థమైంది. మిల్లు మళ్లీ ఆపించి రెండు వైర్లు మార్పించాను. సాయంత్రానికి పది లైట్లు వెలిగాయి, 0.98.

నిన్న బిల్లు వచ్చింది. నెల మధ్యలో మార్చాం కాబట్టి సగటు 0.93. 25 వేలకి ఒప్పుకున్నాడు, సగం ఇచ్చాడు, మిగతా సగం వచ్చే బిల్లు చూసి ఇస్తానన్నాడు. మాస్టారి పిల్లలిద్దరూ వారం రోజులు గంట గంటకీ రీడింగులు రాశారు. వాళ్లకి రోజుకి 200 చొప్పున యజమాని చేతే ఇప్పించాను.

మేనేజరు గారు చెప్పినట్టే జరిగింది. డబ్బులు చేతిలో పెడుతూ "ఆజ్ఞా, మన ఇంకో సర్వీసుకి లోడు పెంచే ఫైలు ఆఫీసులో ఆగింది, మీ పాతవాళ్లకి ఒక మాట చెప్పండి" అన్నాడు. దరఖాస్తులో తప్పులుంటే దిద్దిపెడతానన్నాను, మాట మాత్రం చెప్పనన్నాను. మొహం ముడుచుకున్నాడు. మిగతా సగం మీద దీని ప్రభావం ఉంటుందో లేదో చూడాలి.

ఒక అనుమానం మిగిలింది. పిల్లలు రాసిన రీడింగుల్లో, రాత్రి మిల్లు ఆపాక కూడా కేవీఏహెచ్ కాస్త కాస్త కదులుతోంది, కేడబ్ల్యూహెచ్ కన్నా ఎక్కువ.

కొరాపుట్_పాతకాపు (9వ తేదీ, రాత్రి 8:50)

మీటరు హెచ్‌టీ వైపు ఉంది కదా. లోడు లేకపోయినా ట్రాన్స్‌ఫార్మరు తన అయస్కాంతానికి తీసుకునేది తీసుకుంటూనే ఉంటుంది. ఎల్‌టీ వైపు 5 కేవార్ స్థిరంగా పెడితే అది సర్దుకుంటుంది. అయితే ఏదైనా కాంటాక్టరు అతుక్కుపోయి బ్యాంకు రాత్రంతా లోపలే ఉండిపోయినా మీటరు ఇలాగే కదలొచ్చు, ఈసారి లీడ్ వైపు. రెండింటికీ వైద్యం వేరు. రాత్రి ప్యానెల్ మెయిన్ దింపేసి చూడండి.

రాయగడ_ఎలక్ట్రీషియన్ (9వ తేదీ, రాత్రి 9:10)

లీడ్‌ని మీటరు లెక్కిస్తుందా సార్? లెక్కించదని మా మేస్త్రి అంటాడు.

కొరాపుట్_పాతకాపు (9వ తేదీ, రాత్రి 9:18)

మీటరుని ఎలా సెట్ చేశారన్నదాని మీద ఉంటుంది. మేస్త్రి మాట మీద వదిలేయకుండా ఆ సర్వీసు నంబరు చెప్పి ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి.

గుణుపురం_పెద్దాయన (9వ తేదీ, రాత్రి 9:40)

ఆదివారం మిల్లు సెలవు. శనివారం రాత్రి ఎనిమిదింటికి ప్యానెల్ మెయిన్ దింపించి రీడింగు రాస్తాను, తెల్లారి ఆరింటికి ఇంకోటి. మర్నాడు రాత్రి మెయిన్ ఎక్కించి అదే టైముకి మళ్లీ రెండు. పిల్లలు కూడా వస్తామన్నారు.